డయల్ ముల్లు చూపించే అంకెలో ఎంత తగ్గించాలి?

రిపేరుకొచ్చిన మోటారు షాఫ్టును రెండు వి-బ్లాకుల మీద పెట్టి, పైన డయల్ గేజ్ ఆనించి, చేత్తో నెమ్మదిగా తిప్పుతున్నారనుకుందాం. షాఫ్టు వంగిందో లేదో తేల్చే పరీక్ష ఇది. ఒక చుట్టు పూర్తయ్యేసరికి ముల్లు మొత్తం 0.11 మి.మీ. ఊగింది. డ్రాయింగు ఒప్పుకునేది 0.10 వరకే. ఇక ఈ షాఫ్టు పనికిరాదని పక్కన పడేయవచ్చా? తొందరపడకూడదు. షాఫ్టును తాకుతున్న స్టైలస్ ఎంత వాలుగా ఉందో ముందు చూడాలి.

ఇక్కడ వాడుతున్నది లివర్ రకం డయల్, వర్క్‌షాపుల్లో పప్పీ డయల్ అంటారే, అది. దీని స్టైలస్ సన్నని పుల్లలా ఉంటుంది, కొసన చిన్న గుండు ఉంటుంది. రెండో కొస దగ్గర ఇరుసు మీద అది ఊగుతుంది. కాబట్టి గుండు ఎప్పుడూ పుల్లకు అడ్డంగానే కదులుతుంది. పుల్ల షాఫ్టు ఉపరితలానికి సమాంతరంగా ఉంటే, షాఫ్టు ఎంత లేస్తే గుండూ అంతే లేస్తుంది. ముల్లు నిజమే చెబుతుంది. పక్కనున్న కాలర్ అడ్డొచ్చి పుల్లను ఏటవాలుగా దించాల్సి వస్తే మాత్రం గుండు నిలువుగా లేవదు, కొంత పక్కకు కూడా జరుగుతూ లేస్తుంది. లోపలి పళ్ల చక్రాలకు ఈ తేడా తెలియదు. అవి గుండు నడిచిన మొత్తం దూరాన్నే లెక్కగడతాయి.

పదో తరగతి లంబకోణ త్రిభుజం ఇక్కడ పనికొస్తుంది. గుండు నడిచిన దూరం కర్ణం. షాఫ్టు నిజంగా లేచిన ఎత్తు ఆసన్న భుజం. రెండింటి మధ్య కోణం పుల్ల వాలినంత. అందుకే డయల్ రీడింగును ఆ కోణపు కొసైన్‌తో గుణిస్తే అసలు కొలత వస్తుంది. మన పుల్ల 30 డిగ్రీలు వాలి ఉందనుకుంటే, cos 30° విలువ 0.866. 0.11ను దానితో గుణిస్తే 0.095. షాఫ్టు హద్దులోనే ఉంది!

కొసైన్ ఎప్పుడూ ఒకటికి మించదు కాబట్టి, వాలిన డయల్ ఉన్నదానికన్నా ఎక్కువే చూపిస్తుంది. 10 డిగ్రీల వాలుకు తేడా ఒకటిన్నర శాతమే, చిన్న కొలతల్లో అది ముల్లు మీద కనపడదు కూడా. 60 డిగ్రీలకు రీడింగు రెట్టింపవుతుంది. నిలువుగా లోపలికీ బయటికీ జారే ప్లంజర్ రకానికీ ఇదే గుణకారం, కానీ కోణం మాత్రం ఉపరితలానికి లంబంగా ఉన్న గీత నుంచి కొలవాలి. చాలామంది తడబడేది ఇక్కడే. లంబం నుంచి 30 డిగ్రీలు వాలిన ప్లంజర్‌ను ఉపరితలం నుంచి కొలిచి 60 అని రాసుకుంటే, రీడింగు అన్యాయంగా సగమైపోతుంది.

కోణాన్ని కంటితో అంచనా కట్టకండి. 30కీ 35కీ మధ్యే గుణకం ఐదు శాతానికి పైగా మారిపోతుంది. స్లిప్ గేజ్‌లుంటే కోణం కొలవకుండానే గుణకం తెలుసుకోవచ్చు. స్టాండులో డయల్ బిగించిన వాలు మార్చకుండా, ఎత్తు మాత్రం దించి, సర్ఫేస్ ప్లేటు మీద 1.00 మి.మీ. స్లిప్‌కు ఆనించి సున్నా పెట్టండి. దాని స్థానంలో 1.20 స్లిప్ పెట్టండి. నిజమైన తేడా 0.20. ముల్లు 0.23 చూపిస్తే, 0.20ను 0.23తో భాగించగా వచ్చే 0.87 మీ గుణకం. ఈ పద్ధతిలో ఇంకో లాభం కూడా ఉంది. కొన్ని డయల్స్‌ను తయారీదారే సమాంతరంగా కాక కొంత వాలులో సరిగ్గా చదివేలా చేస్తాడు. ఇంటరాపిడ్ డయల్స్‌కు అది 12 డిగ్రీలు. వాటికి మామూలు కొసైన్ లెక్క వేస్తే తప్పొస్తుంది, స్లిప్ పరీక్షకు ఆ ఇబ్బంది లేదు.

అన్ని పనులకూ ఈ లెక్క అక్కర్లేదు. నాలుగు దవడల చక్‌లో పనిముక్కను సెంటర్ చేసేటప్పుడు ముల్లు కదలకుండా చేయడమే లక్ష్యం. సున్నాను దేనితో గుణించినా సున్నానే. అంకెను నమ్మి షిమ్ మందం ఎంచుకునేటప్పుడు, పనిముక్కను ఒప్పుకోవాలా వద్దా అని తేల్చేటప్పుడే వాలు ముఖ్యం.

పక్కకు వాలిన ప్లంజర్ తన గొట్టంలో ఒరుసుకుని పట్టేస్తే వచ్చే తప్పును కొసైన్ సరిచేయలేదు. ఒకే చోట రెండుసార్లు ఎత్తి దించితే రెండు రీడింగులు వస్తున్నాయంటే అదే జరుగుతోందన్నమాట.

మన షాఫ్టు 0.095 దగ్గర, హద్దుకు ఆనుకుని ఉంది. గీతకు 0.01 విలువున్న డయల్ మీద ఇంత దగ్గరి తీర్పు లెక్కతో ఇవ్వకూడదు. లివర్ డయల్ స్టైలస్ వేలితో నెడితే తిరుగుతుంది. స్టాండును కాలర్‌కు అవతలికి జరిపి, స్టైలస్‌ను షాఫ్టుకు సమాంతరంగా తిప్పుకుని, ఇంకోసారి కొలిచాకే రిపోర్టులో అంకె రాయండి.