ఇరవై రోజుల పని ఎన్నాళ్ళకు పూర్తవుతుంది?

“ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు” అన్నారు పెద్దలు. ఆ మాట ఖర్చు గురించే అన్నారనుకుంటాం గాని, కాలం విషయంలోనూ అది అక్షరాలా నిజం. వేసవిలో గృహప్రవేశం అనుకున్న ఇల్లు సంక్రాంతికి గాని పూర్తికాదు. మన ప్రాజెక్టు రిపోర్టుల సంగతీ అంతే.

డేనియల్ కానమన్, ఏమస్ ట్వర్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు 1979లో ఈ పొరపాటుకు ఒక పేరు పెట్టారు. దాన్ని తెలుగులో ‘ప్రణాళికా భ్రమ’ అనుకోవచ్చు. తర్వాత 1994లో బ్యూలర్, గ్రిఫిన్, రాస్ అనేవారు కెనడాలో థీసిస్ రాస్తున్న 37 మంది విద్యార్థులను, ఎన్నాళ్ళలో ముగిస్తారని అడిగారు. సగటున 34 రోజులన్నారు. “అన్నీ ఎదురుతిరిగితేనో?” అంటే 49 రోజులన్నారు. తీరా పట్టింది సుమారు 56 రోజులు! అంటే వాళ్ళు ఊహించిన గడ్డుకాలం కన్నా అసలు కాలమే ఎక్కువన్నమాట.

వీళ్ళు సోమరులా? కాదు. అంచనా వేసేటప్పుడు మనం రాబోయే పనినే మనసులో ఒక కథలా నడిపించుకుంటాం: సర్వే చేస్తాం, లెక్కలు కడతాం, రాస్తాం, గైడుగారికి చూపిస్తాం, బైండింగుకిస్తాం. ఆ కథలో గైడుగారు ఊరెళ్ళరు, కరెంటు పోదు, జ్వరం రాదు. పోనీ, ఈ అయిదు మెట్లలో ఒక్కొక్కటీ వేళకు ముగిసే అవకాశం నూటికి 80 అనుకుందాం. ఒకదానికొకటి సంబంధం లేకపోతే, అయిదూ వేళకు ముగిసే అవకాశం నూటికి 33 మాత్రమే. ఒక్కో మెట్టూ నమ్మకంగానే కనిపిస్తుంది. మొత్తం మెట్లదారే నమ్మదగ్గది కాదు.

మరి పాత అనుభవం ఏమైనట్టు? అది గుర్తుండకపోదు. కాని “అప్పుడంటే చెల్లెలి పెళ్ళి వచ్చింది, ఈసారి అలాంటిదేం లేదు” అని కొట్టిపారేస్తాం. నిజమే, ఈసారి పెళ్ళి రాదు, మరొకటేదో వస్తుంది. ఆ పరిశోధకులు ఇదీ పరీక్షించారు. పాత పనులను ఊరికే గుర్తు చేసుకున్నవారి అంచనాలు పెద్దగా మెరుగుపడలేదు. వాటిని ఇప్పటి పనికి ముడిపెట్టి ఆలోచించమన్నప్పుడే బాగుపడ్డాయి.

ఆ ముడి వేసే పద్ధతి ఇది. ఒక నోటుబుక్కులో మీరు చేసిన రాతపనులకు మొదట అనుకున్న రోజులు, నిజంగా పట్టిన రోజులు పక్కపక్కన రాయండి. అనుకున్నది పని మొదలుపెట్టకముందే రాయాలి. తర్వాత రాస్తే జ్ఞాపకం మనకు అనుకూలంగా సర్దుకుంటుంది. ఇక రెండో అంకెను మొదటి దానితో భాగించండి.

ఉదాహరణకు ఒక విద్యార్థి పట్టీ ఇలా ఉందనుకుందాం. లాబ్ రికార్డు 2 రోజులనుకుంటే 3 పట్టింది, భాగిస్తే 1.5. టర్మ్ పేపరు 5కి 8, అంటే 1.6. సెమినార్ పేపరు 4కి 7; 1.75. సర్వే నివేదిక 6కి 12, 2. పుస్తక సమీక్ష 3కి 9; 3. వరసలో మధ్యది 1.75. ఇప్పుడు ప్రాజెక్టు రిపోర్టు 20 రోజుల పని అని అతనికి తోస్తే, 20ని 1.75తో గుణించాలి. 35 రోజులు.

అయితే ఒక మెలిక ఉంది. మధ్య అంకె అంటే సగం పనులు దాన్ని దాటిపోతాయనే అర్థం. కనుక 35 అనేది తనకోసం వేసుకునే లెక్క. డిపార్టుమెంటుకు మాట ఇచ్చే తేదీకి వరసలో నాలుగోదైన 2ను తీసుకుని 40 రోజులనాలి. పాత అయిదు పనుల్లో నాలుగు ఆ హద్దులోనే ముగిశాయి గనుక, ఆ మాట నిలబడే ఆశ ఎక్కువ.

ఈ పద్ధతికీ హద్దులున్నాయి. అయిదు పనుల పట్టీ చిన్నది. పది పన్నెండయ్యేదాకా దాన్ని పూర్తిగా నమ్మకూడదు. రాతపనిలో తేలిన అంకెతో నాటకం రిహార్సళ్ళను లెక్కకట్టకూడదు. పదిమంది కూడాల్సిన పనికి వేరే పట్టీ కావాలి. గుణించబోతున్నామని తెలిసి మొదటి అంచనానే పెంచేస్తే ఒకే ఆలస్యాన్ని రెండుసార్లు లెక్కేసినట్టవుతుంది. కాబట్టి మొదట తోచిన అంకెనే, అది ఎంత ఆశగా ఉన్నా సరే, అలాగే రాయాలి.

పట్టీయే లేనివారు ఏం చేయాలి? ఇలాంటి రిపోర్టే నిరుడు రాసిన సీనియర్లను నలుగురైదుగురిని కలవండి. “ఎన్నాళ్ళు పడుతుందంటారు?” అని అడగవద్దు, దానికి వాళ్ళూ ఆశతోనే జవాబు చెబుతారు. “మీరు ఏ తేదీన మొదలుపెట్టారు, ఏ తేదీన ఇచ్చారు?” అని అడగండి.