రూపాయల్లో కట్టినా ఫారెక్స్ చార్జీ!

మీకు తెలుసా? విదేశీ విమాన సంస్థ వెబ్‌సైట్‌లో టికెట్ డబ్బు అచ్చంగా రూపాయల్లోనే కట్టినా, కార్డు బిల్లులో ఫారెక్స్ చార్జీ వచ్చి కూర్చోవచ్చు. రూపాయల్లో కట్టాం కదా, ఇక మార్పిడి గొడవెక్కడిది అనుకుంటాం. గొడవ ఒకసారి కాదు, రెండుసార్లు జరుగుతుంది.

రోమ్ నుంచి పారిస్‌కి ఇద్దరికి టికెట్లు కొంటున్నారనుకుందాం. యూరప్ యాత్రకు వెళ్లే మనవాళ్లు అక్కడి చవక విమానాల టికెట్లను హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కూర్చుని ముందే కొనేస్తుంటారు. ధర 200 యూరోలు. కార్డు నంబరు కొట్టగానే చివరి పేజీలో రెండు అంకెలు కనిపిస్తాయి: ఒకటి 200 యూరోలు, రెండోది 21,000 రూపాయలు. చాలాసార్లు రూపాయల గడిలో టిక్కు ముందే పెట్టి ఉంటుంది. పక్కన ‘రేటు ఖాయం’ అన్నట్టు ఒక తియ్యటి మాట కూడా ఉంటుంది. యూరోల్లోకి మార్చుకునే లింకు మాత్రం కింద సన్నటి అక్షరాల్లో ఉంటుంది, వెతుక్కోవాలి.

దీన్ని డైనమిక్ కరెన్సీ కన్వర్షన్, పొట్టిగా డీసీసీ అంటారు. ఇక్కడ యూరోలను రూపాయలుగా మార్చేది మీ బ్యాంకు కాదు, వీసా, మాస్టర్‌కార్డ్ కూడా కాదు. విమాన సంస్థ తరఫున డబ్బు వసూలు చేసే పేమెంట్ సంస్థ ఆ పని చేస్తుంది. తన లాభాన్ని విడిగా ఫీజుగా చూపించకుండా రేటులోనే కలిపేస్తుంది, అందులో వాటా అమ్మకందారుకూ వెళ్తుంది. టిక్కు ముందే ఎందుకు పెట్టి ఉంటుందో ఇప్పుడు అర్థమై ఉంటుంది. అయితే ఏ కరెన్సీలో కట్టాలో ఎంచుకునే వీలు కొనేవారికి ఇవ్వాలన్నది కార్డు నెట్‌వర్కుల నిబంధన. కాబట్టి ఆ టిక్కు తీసేసే దారి ఎక్కడో ఒకచోట ఉంటుంది.

ఇప్పుడు లెక్క చూద్దాం. సులువు కోసం ఆ రోజు నెట్‌వర్క్ రేటు యూరోకి 100 రూపాయలు అనుకుందాం. మీరు యూరోల్లోనే కడితే అసలు 20,000. దానిపై మీ బ్యాంకు ఫారెక్స్ మార్కప్ వేస్తుంది. మన దేశంలో మామూలు క్రెడిట్ కార్డులకు ఇది తరచుగా 3.5 శాతం, అంటే 700 రూపాయలు. ఆ 700 మీద 18 శాతం జీఎస్టీ 126. మొత్తం 20,826.

రూపాయల్లో కడితే తెర మీద కనిపించేది 21,000. అంటే యూరోకి 105 చొప్పున పట్టారన్నమాట. 174 రూపాయలే కదా తేడా, అంకె ముందే తెలిసిపోయింది, పోనీలే అనిపిస్తుంది. కానీ కథ అక్కడ ఆగదు. మీ బ్యాంకు చూసేది ఏ కరెన్సీలో కట్టారన్నది ఒక్కటే కాదు, డబ్బు అందుకున్న వ్యాపారి ఏ దేశంలో నమోదై ఉన్నాడన్నది కూడా. వ్యాపారి విదేశంలో ఉంటే, రూపాయల్లో జరిగిన కొనుగోలుకూ మన బ్యాంకులు కొన్ని సుమారు 1 శాతం డీసీసీ మార్కప్ వేస్తున్నాయి. 21,000 మీద అది 210, దాని జీఎస్టీ సుమారు 38. మొత్తం 21,248. ఈ 248 రూపాయలు చెక్‌అవుట్ పేజీలో ఎక్కడా కనిపించవు, తర్వాత స్టేట్‌మెంట్‌లో వేరే వరుసగా వస్తాయి. ఫారెక్స్ మార్కప్ లేని కార్డు చేతిలో ఉన్నవారు యూరోల్లో కడితే 20,000తో బయటపడేవారు. అదే కార్డుతో రూపాయల గడి నొక్కితే ఆ సౌకర్యం చేజేతులా పోగొట్టుకున్నట్టే.

వ్యాపారి విదేశంలో ఉన్నాడని ముందే పసిగట్టడానికి ఒక గుర్తు ఉంది. బ్యాంకు యాప్‌లో మీ కార్డుకు అంతర్జాతీయ లావాదేవీలు ఆపేసి ఉంచితే, రూపాయల్లో కట్టబోయినా చెల్లింపు తిరస్కరణకు గురవుతుంది. చాలామంది అది సైటు లోపం అనుకుని మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తారు. డబ్బు దేశం దాటుతోందని అదే చెబుతోంది.

‘ఎప్పుడూ అక్కడి కరెన్సీలోనే కట్టు’ అని అందరూ చెప్పే సలహా చాలావరకు నిజమే, పూర్తిగా కాదు. పై ఉదాహరణలో 3.5 శాతం కార్డు అసలు ఖర్చు జీఎస్టీతో కలిపి 4.13 శాతం. రూపాయల ఎంపికలో బ్యాంకు వేసే 1 శాతం జీఎస్టీతో 1.18 అవుతుంది. కాబట్టి తెర మీది రేటు నెట్‌వర్క్ రేటు కన్నా సుమారు 2.9 శాతం లోపే ఎక్కువగా ఉంటే, అంటే యూరోకి 102.90 లోపు ఉంటే, ఆ కార్డుకు రూపాయలే చవక. అంత తక్కువ తేడాతో డీసీసీ ఇచ్చేవారు అరుదు, అది వేరే మాట.

ఈ పరీక్షకు పెద్ద తంటా లేదు. పేజీలో చూపిన రూపాయల మొత్తాన్ని యూరోల మొత్తంతో భాగించండి. వీసా, మాస్టర్‌కార్డ్ రెండూ తమ మార్పిడి రేట్లను వెబ్‌సైట్లలో అందరికీ కనిపించేలా పెడతాయి, వాటితో పోల్చండి. గూగుల్‌లో కనిపించే రేటు దీనికి పనికిరాదని కాదు, కాస్త అటూ ఇటూగా ఉంటుంది. యూరోల్లో కట్టినప్పుడు కూడా మీరు బుక్ చేసిన రోజు రేటే పడుతుందన్న నమ్మకం లేదు, లావాదేవీ ప్రాసెస్ అయిన రోజు రేటు పడవచ్చు. ఒకటి రెండు రోజుల్లో వచ్చే ఆ తేడా మామూలుగా చిన్నదే. దాన్ని చూపించి ‘రేటు ఖాయం’ అంటూ 5 శాతం తీసుకోవడం మాత్రం చిన్నది కాదు.

టికెట్ రద్దయితే ఇంకో సంగతి. 200 యూరోలూ తిరిగి వచ్చినా, అవి రూపాయలయ్యేది వాపసు ప్రాసెస్ అయిన రోజు రేటుకి. మొదట వేసిన మార్కప్, దాని జీఎస్టీ చాలావరకు తిరిగి రావు.

ఇదంతా రూపాయల ధర కనిపించిన ప్రతిచోటా వర్తించదు. శంషాబాద్ నుంచి బయల్దేరే ప్రయాణానికి విమాన సంస్థ భారత సైటులో రూపాయల ధర చూపిస్తే, అది సాధారణంగా రూపాయల్లోనే నిర్ణయించిన ధర, యూరోల నుంచి తిప్పింది కాదు. విమాన చార్జీలను ప్రయాణం మొదలయ్యే దేశపు కరెన్సీలో ప్రకటించడం రివాజు. ఆ సంస్థ వసూలు కూడా మన దేశంలోని ఖాతాకే చేస్తే ఏ ఫారెక్స్ చార్జీ ఉండదు.

డాలస్‌లో ఉన్న కొడుకు అమ్మానాన్నలకు హైదరాబాద్ నుంచి టికెట్ తీస్తున్నప్పుడు ఇదే తలకిందులవుతుంది. ధర పుట్టింది రూపాయల్లో, తెర మీద ఊరించేది డాలర్. అమెరికాలో విదేశీ లావాదేవీ ఫీజు లేని కార్డులు బాగానే దొరుకుతాయి. అలాంటి కార్డుంటే అతను నొక్కాల్సింది రూపాయల గడి.