రెండు ఊటలు, ఇద్దరు యజమానులు

ఫ్రెంచి గణితవేత్త ఆంత్వాన్ ఆగస్టిన్ కూర్నో 1838లో సంపదను గురించిన సిద్ధాంతానికి గణితాన్ని అన్వయిస్తూ ఒక గ్రంథము ప్రకటించినాడు. అందులో ఒక చిన్న సమస్య ఉన్నది. ఒకే గుణము గల నీరు ఊరే ఊటలు రెండు. వాటి యజమానులు ఇద్దరు. ఇద్దరూ ఒకే బజారులో నీరు అమ్ముకొంటారు. ఊట నీటికి ఖర్చు లేదనుకొందాము. అప్పుడు ఒక్కొక్కరు ఎంత నీరు అమ్ముతారు? ఎంత లాభము పొందుతారు?

కూర్నో దీనిని అక్షరములతోనే సాధించినాడు. మనము సులువుకొరకు అంకెలు వేసుకొందాము. బజారుకు రోజుకు వచ్చే సీసాలు Q అయితే, సీసా ధర P = 120 − Q సాంతీములు అనుకొందాము. (నూరు సాంతీములు ఒక ఫ్రాంకు.) సరకు పెరిగిన కొద్దీ ధర తగ్గుతుందని దీని అర్థము.

ముందు రెండు ఊటలకూ ఒక్కడే యజమాని అనుకొనుడు. అతని లాభము Q(120 − Q). ఇందులో గుణింపబడే రెండు సంఖ్యల మొత్తము ఎప్పుడూ 120. మొత్తము మారని రెండు సంఖ్యల లబ్ధము, అవి సమానమైనప్పుడే గరిష్ఠమవుతుంది: 50 × 70 = 3500; 60 × 60 = 3600. కాబట్టి అతడు 60 సీసాలు, సీసా 60 సాంతీముల చొప్పున అమ్మి 3600 సాంతీములు గడిస్తాడు.

ఇప్పుడు యజమానులు ఇద్దరు. మొదటివాడు x సీసాలు, రెండవవాడు y సీసాలు తెస్తారు. ధర 120 − x − y. మొదటివాని లాభము x(120 − y − x). y అతని చేతిలో లేదు. దానిని స్థిరమని ఎంచి తన x ను మాత్రమే నిర్ణయించుకొంటాడు. ఇక్కడ గుణింపబడే సంఖ్యల మొత్తము 120 − y. కనుక పై సూత్రము ప్రకారము x = (120 − y)/2. రెండవవానికి కూడ ఇదే విధముగా y = (120 − x)/2.

ఈ రెండు సమీకరణములు కలిసి నిలిచే చోటే సమతాస్థితి. అనగా 2x + y = 120, x + 2y = 120. తీసివేస్తే x = y అని తేలుతుంది; కాబట్టి 3x = 120, x = y = 40. ధర 120 − 80 = 40 సాంతీములు. ఒక్కొక్కరి లాభము 40 × 40 = 1600; ఇద్దరిదీ కలిపి 3200.

విద్యార్థులు ఇక్కడ తరచు ఒక పొరపాటు చేస్తారు. ఇద్దరూ సమానులే గదా అని మొదటనే y = x అని వ్రాసి, x(120 − 2x) ను గరిష్ఠము చేస్తారు. అప్పుడు x = 30 వస్తుంది; ధర 60, ఒక్కొక్కరికి లాభము 1800. ఇది 1600 కంటె ఎక్కువే! మరి ఇది ఎందుకు తప్పు?

పరీక్షించి చూతము. రెండవవాడు 30 సీసాలకే కట్టుబడి ఉంటే, మొదటివానికి అనుకూలమైన సంఖ్య (120 − 30)/2 = 45. అప్పుడు ధర 45. అతని లాభము 2025కు పెరుగుతుంది. మాట నిలుపుకొన్నవానికి 1350 మాత్రమే మిగులుతుంది. అనగా 30, 30 అనేది ఇద్దరూ కలిసి చేసుకొన్న ఒడంబడిక; దానిని మీరడములో ఇద్దరికీ లాభమున్నది గనుక నిలువదు. 40, 40 వద్ద మాత్రము ఒంటరిగా మారినవాడు నష్టపోతాడు. మీరు కనుగొన్న జవాబు సరియైనదో కాదో తెలుసుకొనే పరీక్ష ఇదే: ఒకరిని స్థిరముగా ఉంచి, రెండవవాడు కదిలితే లాభపడునా అని చూడవలెను. y ను స్థిరముగా ఉంచి గరిష్ఠము కట్టిన తరువాతనే x, y లు సమానమనవలెను.

ఇద్దరి పోటీ వలన యజమానులు 400 సాంతీములు పోగొట్టుకొన్నారు. కొనువారికి మాత్రము 60 సీసాలకు బదులు 80 సీసాలు, 60 సాంతీములకు బదులు 40 సాంతీములకే దొరికినవి.

ఈ పద్ధతికి ఒక హద్దు ఉన్నది. 1883లో జోసెఫ్ బెర్ట్రాండ్ అనే మరొక ఫ్రెంచి గణితవేత్త దీనిని విమర్శించినాడు. యజమానులు పరిమాణమును గాక ధరను నిర్ణయించుకొంటే, ఒక సాంతీము తగ్గించినవాని వద్దకే కొనువారందరూ పోతారు. ఇద్దరూ వంతులవారీగా తగ్గించగా, ఖర్చు లేని నీటి ధర సున్నకు దిగజారుతుంది. కాబట్టి ఎంత సరకు తేవలెనో ముందు నిశ్చయించుకొని, ధరను బజారుకు వదలిపెట్టే వ్యాపారములకే కూర్నో జవాబు వర్తిస్తుంది.

పాఠకులకు ఒక అభ్యాసము: రెండవ యజమానికి మాత్రము సీసాకు 30 సాంతీములు ఖర్చగునని అనుకొనుడు. అతని లాభము y(90 − x − y) అవుతుంది. పై విధముగానే సాధించినచో మొదటివానికి 50, రెండవవానికి 20 సీసాలు, ధర 50 సాంతీములు రావలెను. లాభములు వరుసగా 2500, 400.