మెడలో గడ్డ: వేడిదా, చల్లదా?

నలభై అయిదేళ్ల మహిళకు థైరాయిడ్ కుడివైపు రెండున్నర సెంటీమీటర్ల గడ్డ ఉందనుకుందాం. గుండె దడ, బరువు తగ్గడం. రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ 0.05, అంటే బాగా తక్కువ. అప్‌టేక్ స్కాన్ అసలు పనికొచ్చేది ఇలాంటివారికే. టీఎస్‌హెచ్ మామూలుగా ఉంటే సాధారణంగా అల్ట్రాసౌండ్‌తోనే ముందుకెళ్తారు.

హార్మోన్ తయారీకి థైరాయిడ్ అయోడిన్‌ను పీల్చుకుంటుంది. అందుకే కొద్దిపాటి రేడియోధార్మిక అయోడిన్‌ను మింగిస్తారు. అది ఎక్కడ చేరిందో గామా కెమెరా చూపిస్తుంది, ఎంత శాతం చేరిందో ఇంకో పరికరం 24 గంటల తర్వాత కొలుస్తుంది.

ఈమె చిత్రంలో గడ్డ నల్లగా మెరిసింది, ఎడమవైపు దాదాపు కనిపించలేదు. గడ్డ ఎవరి ఆజ్ఞా లేకుండా హార్మోన్ తయారుచేస్తోంది. దాంతో పిట్యూటరీ టీఎస్‌హెచ్‌ను తగ్గించేసింది, మిగతా గ్రంథి పని మానుకుంది. ఇదే వేడి గడ్డ. ఇందులో క్యాన్సర్ చాలా అరుదు కాబట్టి సాధారణంగా సూదిపరీక్ష అక్కర్లేదు. రేడియో అయోడిన్‌తోనో, ఆపరేషన్‌తోనో చికిత్స చేస్తారు.

అయోడిన్‌ను పీల్చుకోనిది చల్ల గడ్డ. ఈ మాట విని చాలామంది హడలిపోతారు, కానీ గడ్డల్లో ఎక్కువ భాగం చల్లవే, వాటిలోనూ ఎక్కువ భాగం క్యాన్సర్ కావు. ఏది క్యాన్సరో స్కాన్ చెప్పలేదు. అల్ట్రాసౌండ్‌లో గడ్డ రూపం, పరిమాణం చూసి సూదిపరీక్ష చేయాలో లేదో నిర్ణయిస్తారు.

సెంటీమీటరు లోపు గడ్డలు స్కాన్‌కు చిక్కకపోవచ్చు. ఇటీవల కాంట్రాస్ట్‌తో సీటీ తీయించుకున్నా, అమియోడరాన్ వాడుతున్నా ముందే చెప్పాలి. ఒంట్లో అయోడిన్ నిండి ఉంటే గ్రంథి కొత్తది పీల్చుకోదు, ఫలితం తప్పుతుంది. గర్భిణులకు ఈ స్కాన్ చేయరు.