కూడే విలువలు, కూడని శాతాలు

1966 అక్టోబరు 2న ఏర్పడిన దక్షిణ మధ్య రైల్వేకు కేంద్రం సికింద్రాబాద్‌. అక్కడ ఒక కొత్త లైనుకో, డబ్లింగుకో ప్రతిపాదన కదిలిందంటే ఫైలులో ఆర్ఓఆర్, అంటే ప్రతిఫల రేటు, కనిపిస్తుంది. పెట్టిన డబ్బు ఏడాదికి ఎంత శాతం చొప్పున తిరిగొస్తుందో చెప్పే అంకె అది. ఆర్థికశాస్త్రంలో దీన్నే ఐఆర్ఆర్ అంటారు. చాలాకాలం రైల్వేలో 14 శాతం దాటితేనే పని గిట్టుబాటు అనేవారు. మరి రెండు పనుల శాతాలను కలిపి ఒక అంకె చెప్పగలమా?

ఊహించిన అంకెలతో చూద్దాం. మొదటి పనికి 100 కోట్లు పెడితే ఏడాది తర్వాత 150 కోట్లు వస్తాయి. రేటు 50 శాతం. రెండోదానికీ 100 కోట్లే. కానీ అయిదేళ్ల తర్వాత ఒకేసారి 300 కోట్లు వస్తాయి. రేటు సుమారు 24.6 శాతం. పెట్టుబడులు సమానం కాబట్టి సగటు 37.3 శాతం అనిపిస్తుంది. రెండింటి రాబడిపోకలను ఒకే పట్టీలో వేసి లెక్క కడితే వచ్చేది మాత్రం 29.1 శాతం.

ఎన్‌పీవీ ఇలా తికమకపెట్టదు. ఏడాదికి 10 శాతం తగ్గింపు వేస్తే మొదటి పని నికర ప్రస్తుత విలువ 36.4 కోట్లు, రెండోదానిది 86.3 కోట్లు. కలిపి లెక్కించినా 122.6 కోట్లే. దశాంశాల సర్దుబాటు తప్ప తేడా లేదు.

కారణం రూపాయి ధరలో ఉంది. 10 శాతం అనుకున్నాక, వచ్చే ఏడాది అందే రూపాయి ఇవాళ 90.9 పైసలు, అది ఏ పనిలోంచి వచ్చినా సరే. ఐఆర్ఆర్‌లో ఆ ధరను ముందుగా ఎవరూ నిర్ణయించరు. నికర విలువ సున్నా అయ్యేలా ప్రతి పనీ తన ధర తానే వెతుక్కుంటుంది. మొదటి పనిలో వచ్చే ఏడాది రూపాయి 66.7 పైసలు, రెండోదాంట్లో 80.3, కలిపితే 77.5. ఒకే రూపాయికి మూడు ధరలున్నప్పుడు ఆ లెక్కలను కూడటం ఎలా?

దీంతో ఒక చిక్కు కూడా ఉంది. ఏడాదికి 100 కోట్లను 105 మాత్రమే చేసే మూడో పనిని మొదటిదానికి జతచేస్తే జోడీ రేటు 27.5 శాతం. 14 శాతం గీతను హాయిగా దాటేస్తుంది, బలహీనమైన పని బలమైనదాని చాటున ఆమోదం పొందుతుంది. ఎన్‌పీవీ వేస్తే మొదటిది ఒక్కటే అయితే 36.4, జోడీ అయితే 31.8. మూడో పని మోసుకొచ్చిన నాలుగున్నర కోట్ల నష్టం బయటపడుతుంది.

ఎన్‌పీవీలు కూడాలన్నా రెండు షరతులున్నాయి. ఒకటి, ఒకే ఏడాది అందే రాబడికి, అది ఏ పనిదైనా, ఒకే తగ్గింపు ధర ఉండాలి. రెండోది తరచూ తప్పుతుంది: ఒకదాని రాబడి మరొకదానిమీద ఆధారపడకూడదు. పక్కపక్క సెక్షన్లలో డబ్లింగు చేస్తే, రెండూ పూర్తయితేనే అదనపు రైళ్లు నడుస్తాయి. అదనపు ఆదాయాన్ని రెండు ఫైళ్లలోనూ రాసి విలువలు కూడితే ఒకే రైలు టికెట్లను రెండుసార్లు అమ్మినట్టే. అలాంటి పనులను విడివిడిగా కాక, చేసినప్పుడు, చేయనప్పుడు మొత్తం రాబడిపోకలు ఎంతో చూసి ఒకే పనిగా లెక్కించాలి.