4.3 వెబ్‌హుక్: సందేశాన్ని పనిగా మార్చడం

ఒక అపార్టుమెంటు సంఘం నివాసుల ఫిర్యాదులను టెలిగ్రామ్ బాట్ ద్వారా తీసుకుని, వాటిని ట్రెల్లో బోర్డులో కార్డులుగా నమోదు చేయాలనుకుందని భావించండి. ట్రెల్లోలో ఒక్కో కార్డు ఒక్కో పనిని సూచిస్తుంది. కొత్త సందేశం వచ్చిందా అని మన ప్రోగ్రామ్ టెలిగ్రామ్‌ను మాటిమాటికీ అడగవచ్చు. అలా కాకుండా, సందేశం రాగానే టెలిగ్రామే మన ప్రోగ్రామ్‌కు తెలియజేసే ఏర్పాటును వెబ్‌హుక్ అంటారు. ఇందుకోసం మన సర్వర్ చిరునామాను `setWebhook` ద్వారా టెలిగ్రామ్‌కు ఒకసారి తెలపాలి. ఒక నివాసి బాట్‌కు సందేశం పంపితే ఆ చిరునామాకు చేరే సమాచారంలో ముఖ్యమైన భాగం ఇలా ఉంటుంది:

```
{
  "update_id": 50121,
  "message": {
    "text": "మూడో బ్లాకులో మోటారు ఆగింది"
  }
}
```

మన ప్రోగ్రామ్ ఇందులోని `text` విలువను కార్డు పేరుగా తీసుకుని, కొత్త కార్డు చేయమని ట్రెల్లోను కోరుతుంది.

4.3.1 ఒకే ఫిర్యాదుకు రెండు కార్డులు ఎందుకు వస్తాయి?

సమాచారం అందిందని మన సర్వర్ 200 అనే సంకేతంతో జవాబివ్వాలి. ఆ జవాబు రాకపోతే, సమాచారం చేరలేదని భావించి టెలిగ్రామ్ దాన్నే మళ్లీ పంపుతుంది. మన ప్రోగ్రామ్ ముందు కార్డు చేసి, తరువాత జవాబిస్తుందనుకోండి. ట్రెల్లోలో కార్డు తయారైంది, కానీ జవాబు వెళ్లేలోపు కనెక్షన్ తెగింది. అదే సమాచారం రెండోసారి వస్తుంది, రెండో కార్డు తయారవుతుంది. ఒకే మోటారు కోసం ఇద్దరు మెకానిక్‌లు బయలుదేరుతారు.

సందేశం అందగానే 200 పంపి, తరువాత కార్డు చేయడం కూడా సరికాదు. ఈ మధ్యలో సర్వర్ ఆగిపోతే కార్డు తయారు కాదు. జవాబు అందింది కాబట్టి టెలిగ్రామ్ మళ్లీ పంపదు. ఫిర్యాదు పూర్తిగా పోతుంది.

4.3.2 సరైన వరుస

ముందుగా సందేశాన్ని దాని `update_id` తో సహా మన డేటాబేస్‌లో భద్రపరచాలి. ఆ సంఖ్య అప్పటికే ఉంటే కొత్తగా ఏమీ రాయకూడదు. రెండు సందర్భాల్లోనూ 200 పంపాలి. భద్రపరచిన సందేశాలను వేరొక ప్రోగ్రామ్ ఒక్కొక్కటిగా తీసుకుని కార్డులు చేస్తుంది. మళ్లీ పంపిన సమాచారంలోనూ సంఖ్య 50121 గానే ఉంటుంది కనుక, అది రెండోసారి నమోదు కాదు.

ఈ పద్ధతికి ఒక పరిమితి ఉంది. నివాసి తానే అదే ఫిర్యాదును రెండుసార్లు పంపితే, ఒక్కోదానికి వేరే `update_id` వస్తుంది. అటువంటి కార్డులను మనిషే చూసి కలపాలి.

కార్డులు రావడం ఆగిపోతే `getWebhookInfo` ను పరిశీలించండి. అందులో `pending_update_count` పెరుగుతూ ఉంటే సందేశాలు మన సర్వర్‌కు చేరడం లేదని అర్థం. `last_error_message` చివరి పొరపాటును తెలుపుతుంది. టెలిగ్రామ్ ఈ సందేశాలను 24 గంటలకు మించి దాచదు కాబట్టి లోపాన్ని ఆలోగా సరిచేయాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

బోర్డులో ఒకే పేరుతో రెండు కార్డులు కనిపించాయి. డేటాబేస్‌లో వాటికి 50121, 50124 అనే రెండు సంఖ్యలు ఉన్నాయి. సందేశాన్ని మళ్లీ పంపినది టెలిగ్రామా, నివాసియా? కారణం రాయండి.