స్టేటస్‌లో అందరూ పైకెళ్లిపోయారు, నేనొక్కణ్నే ఇక్కడే ఉన్నా

ఈ వారం ఎపిసోడ్‌కి కారణం ఇల్ఫర్డ్ నుంచి వచ్చిన ఒక వాయిస్ మెసేజ్. పంపిన తమ్ముడి పేరు చెప్పట్లేదు. ఖమ్మం దగ్గరి ఊరు, బీటెక్ చదివాడు. ఇప్పుడు సెవెన్ కింగ్స్ వైపు ఒక కేర్ హోమ్‌లో నైట్ డ్యూటీ చేస్తాడు, ఇల్ఫర్డ్ లేన్ దగ్గర ఇద్దరితో కలిసి రూమ్‌లో ఉంటాడు. "అన్నా, నాకు ఎవరి మీదా కుళ్లు లేదు. కానీ పొద్దున బస్సులో వాట్సాప్ స్టేటస్‌లు చూసి దిగేసరికి నేనెందుకూ పనికిరాననిపిస్తోంది" అన్నాడు.

ఆ మాటలో ఒక విషయం గమనించండి. అసూయ అయితే మనకి తెలుస్తుంది, మంటగా ఉంటుంది. ఇది అలా ఉండదు. ఎదుటివాళ్ల మీద కోపం రాదు, మన విలువ కొంచెం తగ్గినట్టు అనిపిస్తుంది, అంతే. అందుకే చాలామంది దీన్ని అలసట అనుకుంటారు.

మరి అంబానీ ఇల్లు చూస్తే మనకేం కాదు, క్లాస్‌మేట్ గృహప్రవేశం చూస్తే ఎందుకు గుచ్చుకుంటుంది? దీనికి అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త లియాన్ ఫెస్టింగర్ 1954లోనే ఒక వివరణ ఇచ్చాడు. మనం ఎంత బాగా ఉన్నామో కొలవడానికి సరైన కొలబద్ద లేనప్పుడు మనుషులతో పోల్చుకుంటాం, అదీ మనలాంటివాళ్లతోనే. పరాయి దేశంలో ఆ కొలబద్ద అసలే ఉండదు. వచ్చి రెండేళ్లయింది, ఇప్పటికి ఎంత సంపాదించి ఉండాలి? ఎవరూ చెప్పలేరు. అందుకని అదే బ్యాచ్‌లో చదివి, అదే ఏడాది ఫ్లైట్ ఎక్కినవాడే కొలత అయిపోతాడు.

మా తమ్ముణ్ని ఒక పని చేయమన్నాం. వారం రోజులు ఫోన్ తెరిచే ముందు మనసు ఎలా ఉందో పదికి ఒక మార్కు, మూసేశాక ఇంకో మార్కు, పక్కన ఎవరి పోస్టులు చూశాడో. సినిమా రీల్స్ చూసిన రోజుల్లో ఏమీ మారలేదు. ఇద్దరు బ్యాచ్‌మేట్లవి చూసిన రోజు మాత్రం ఆరు కాస్తా నాలుగయింది. ఒకడు డల్లాస్‌లో ఇల్లు కొన్నవాడు, ఇంకొకడు ఇక్కడే వాలెంటైన్స్ పార్క్ దగ్గర కొత్త కారుతో ఫోటో పెట్టినవాడు. ఇంకో సంగతి, నాలుగు వచ్చిన రోజుల్లో అమ్మకి ఫోన్ చేయలేదు. "చెప్పడానికి ఏముందన్నా" అన్నాడు.

ఇలాంటి లెక్కే మిషిగన్ యూనివర్సిటీ పరిశోధకులు పెద్దగా చేసి 2013లో ప్రచురించారు. 82 మందికి రెండు వారాలపాటు రోజుకి ఐదుసార్లు మెసేజ్ పంపి, ఇప్పుడెలా ఉంది, ఇందాకటి నుంచి ఫేస్‌బుక్ ఎంత చూశారు అని అడిగారు. ఎక్కువ చూసినకొద్దీ తర్వాతి మెసేజ్ నాటికి మనసు ఇంకా డీలాపడింది. మనుషులతో నేరుగా కలిసినా, ఫోన్‌లో మాట్లాడినా అలా జరగలేదు. అందరికీ ఇలాగే అవుతుందనీ కాదు. నెదర్లాండ్స్ టీనేజర్ల మీద 2020లో వచ్చిన అధ్యయనంలో ఇలా చూశాక బాధపడినవాళ్లు పదిమందిలో ఒకరే. ఆ ఒకరు మీరో కాదో పైన చెప్పిన మార్కుల పద్ధతిలో తెలుస్తుంది.

కారు సంగతికి వద్దాం. ఆ కారు ఫైనాన్స్‌లో తీసుకున్నది. డిపాజిట్ కోసం రూమ్మేట్ల దగ్గర అప్పు చేశానని తర్వాత ఆ స్నేహితుడే చెప్పాడు. ఇక్కడ ఫైనాన్స్‌లో చివరి కిస్తీ కట్టేదాకా చాలా కార్లు కంపెనీ పేరు మీదే ఉంటాయి. ఫోటోలో అవేవీ కనిపించవు. వాడు అబద్ధం చెప్పలేదు, ఎవరైనా సంతోషం ఉన్న రోజే ఫోటో పెడతారు. మన వైపు నుంచి చూస్తే మన ఇరవైనాలుగు గంటలూ మనకి తెలుసు, వాళ్లవి పది సెకన్లే.

అన్నట్టు, ఆ తమ్ముడి స్టేటస్‌లోనూ టవర్ బ్రిడ్జ్ ముందు జాకెట్ వేసుకున్న ఫోటో ఉంది. ఊళ్లో వాళ్ల చిన్నాన్న కొడుకు దాన్ని చూసి "నేనిక్కడే మిగిలిపోయా" అన్నాడట!

ఫోన్ పారేయమని మేము అనం, ఇల్లు చూసుకునేది దాంట్లోనే కదా. వాట్సాప్‌లో Updates తెరిచి, ఆ పేరు మీద వేలు నొక్కి పట్టుకుంటే Mute అని వస్తుంది. అవతలివాళ్లకి తెలియదు, చాట్ మామూలుగానే ఉంటుంది. మా తమ్ముడు ఆ ఇద్దర్నే మ్యూట్ చేశాడు. నైట్ డ్యూటీ తర్వాత నిద్రలేని కళ్లతో చూడటమే అన్నిటికన్నా చెడ్డదని అతనికే అర్థమైంది, ఇప్పుడు పడుకుని లేచాకే చూస్తున్నాడు.

ఒక హద్దు చెప్పాలి. రెండు వారాలు దాటినా నిద్ర, ఆకలి పోయి, ఏదీ చేయాలనిపించకపోతే అది స్టేటస్‌లతో తేలే సమస్య కాదు. ఇంగ్లండ్‌లో జీపీ దగ్గర రిజిస్టర్ అయినవాళ్లు ఎన్‌హెచ్‌ఎస్ టాకింగ్ థెరపీస్‌కి డాక్టర్ చీటీ లేకుండా నేరుగా అడగొచ్చు, ఉచితం. తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని ముందే చెప్పండి.

డల్లాస్ అతనికి పోయిన ఆదివారం మా తమ్ముడు ఫోన్ చేశాడు. గంటా పది నిమిషాలు మాట్లాడుకున్నారు. ఇంటి గురించి ఐదు నిమిషాలే, మిగతా అంతా హాస్టల్ సాంబారు గురించి.